వైద్య నిర్లక్ష్యం పాలసీ: కంపెనీ మారినా పాత రెట్రో తేదీ ఉంచమని అడగవచ్చా?

కోదాడ క్లినిక్ · ఆగస్టు 11

అందరికీ నమస్కారం. మాది పన్నెండు పడకల క్లినిక్. నా భార్య గైనకాలజిస్ట్. నేను డాక్టరును కాదు, లెక్కలూ సిబ్బందీ లైసెన్సులూ చూసుకుంటాను. క్లినిక్ పేరు మీద, వైద్య నిర్లక్ష్యం కేసులకు రక్షణ ఇచ్చే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ 2015 సెప్టెంబరు 12 నుంచి ఒక ప్రభుత్వ రంగ కంపెనీలో నడుస్తోంది. ఒక్కో కేసుకు 25 లక్షలు, ఏడాది మొత్తానికి 50 లక్షలు. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ లేదు.

వచ్చే నెల 11వ తేదీ అర్ధరాత్రితో గడువు ముగుస్తుంది. ఈసారి ఒక బ్రోకరు ద్వారా ప్రైవేటు కంపెనీ కొటేషన్ వచ్చింది. కేసుకు 50 లక్షలు, ఏడాదికి కోటి, పైగా ప్రీమియం ఇప్పటికన్నా తక్కువ. అయితే అందులో రెట్రోయాక్టివ్ తేదీ దగ్గర 12-09-2025 అని ఉంది. ఆ తేదీకి ముందు చేసిన చికిత్సలకు పాలసీ వర్తించదట. మా పాత పాలసీలో ఆ గడిలో పాత తేదీ ఉండేదని గుర్తు. బ్రోకరును అడిగితే "కొత్త పాలసీకి కొత్త తేదీయే వస్తుంది సార్, అందరికీ అంతే" అన్నాడు.

పాత తేదీ ఉంచమని ఒక లేఖ రాసి పెట్టుకున్నాను. ఇంగ్లిషులోకి మార్చి పంపుతాను, సారాంశం ఇది:

"మా క్లినిక్ 2015 నుంచి ఎడతెగకుండా ఇండెమ్నిటీ పాలసీ కొనసాగిస్తోంది. కావున కొత్త పాలసీలో కూడా పాత రెట్రోయాక్టివ్ తేదీని దయచేసి కొనసాగించగలరు. మాపై ఎటువంటి క్లెయిములూ లేవు, వచ్చే సూచనలూ లేవు."

ఇంతమాత్రం సరిపోతుందా? అసలు ఈ తేదీ కోసం ఇంత పట్టుబట్టాలా?

---

బీమా మిత్ర · ఆగస్టు 11

సార్, కంగారు పడకండి. పోర్టబిలిటీ అనేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన హక్కు. పాత కంపెనీలో గడిచిన సంవత్సరాలన్నీ కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. గడువుకు ముందే పోర్టింగ్ ఫారం నింపి, పాత పాలసీ కాపీలు జతచేస్తే చాలు. ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా చూసుకోండి, అదే ముఖ్యం. నేను ఇలాంటివి చాలా చేయించాను.

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 11

బీమా మిత్ర గారు చెప్పినదాంట్లో చివరి రెండు మాటలూ నిజమే, ముందుగా అడగాలి, ఖాళీ రాకూడదు. కానీ పోర్టబిలిటీ ఆరోగ్య బీమాకు సంబంధించినది. అక్కడ కలిసివచ్చేది వెయిటింగ్ పీరియడ్. మీలాంటి లయబిలిటీ పాలసీలకు అలాంటి హక్కు లేదు. పాత తేదీ ఇవ్వడమా మానడమా అన్నది పూర్తిగా కొత్త కంపెనీలో రిస్కు తూచి ధర కట్టే అండర్‌రైటర్ ఇష్టం. అందుకే ఆ లేఖ రాయాల్సి వస్తోంది.

కోదాడ గారూ, పట్టుబట్టాలా అని అడిగారు కాబట్టి మీ క్లినిక్ మీదే లెక్క వేసి చూపిస్తాను. 2023 నవంబరులో మీ దగ్గర ఒక ఆపరేషన్ జరిగిందనుకోండి. రోగి బంధువులు 2025 అక్టోబరులో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశారు. మీరు కాగితాలు తీసుకుని కొత్త కంపెనీకి వెళతారు. ఈ పాలసీలు క్లెయిము ఎప్పుడు వచ్చిందో చూస్తాయి, దాంతోపాటు చికిత్స రెట్రో తేదీ తర్వాత జరిగిందా అనీ చూస్తాయి. రెండూ కుదరాలి. క్లెయిము వాళ్ల ఏడాదిలోనే వచ్చింది. చికిత్స మాత్రం 12-09-2025కి ముందుది, కాబట్టి కాదంటారు. పాత కంపెనీకి వెళితే చికిత్స వాళ్ల కాలంలోదే, కానీ క్లెయిము పాలసీ ముగిశాక వచ్చిందంటారు. ఇద్దరిలో ఎవరూ మోసం చేసినట్టు కాదు. పదేళ్లు ప్రీమియం కట్టిన మీరు మధ్యలో మిగిలిపోతారు.

పాత పాలసీలో గడువు తర్వాత 90 రోజుల దాకా క్లెయిము తెలియజేయవచ్చని ఒక క్లాజు కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోకండి. అదే రిస్కుకు ఆ సమయంలో మరో పాలసీ అమల్లో ఉండకూడదని అందులోనే షరతు ఉంటుంది. అది పాలసీ మానేసినవాళ్లకు పనికివస్తుంది, కంపెనీ మారినవాళ్లకు రాదు.

ప్రీమియం ఎందుకు తగ్గిందో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. వెనకటి పదేళ్ల భారం వాళ్లు మోయడం లేదు. 2015 తేదీతో మళ్లీ కొటేషన్ అడిగి, ఆ ధరను మీ పాత ప్రీమియంతో పోల్చండి. అప్పటికీ తక్కువగా ఉంటే మారండి.

---

పల్లె దంతవైద్యుడు · ఆగస్టు 12

నాకు తెలిసి రెట్రో తేదీ అంటే క్లినిక్ రిజిస్ట్రేషన్ అయిన తేదీ. నాది 2011లో రిజిస్టర్ అయింది, పాలసీ 2017లో తీసుకున్నాను. మధ్యలో ఒకసారి మూడు నెలలు రెన్యూవల్ మరిచిపోయి 2022లో అదే కంపెనీలో మళ్లీ కట్టాను. నాకు 2011 నుంచి రక్షణ ఉన్నట్టే కదా? ఒక ఇంప్లాంట్ కేసు కొంచెం చిరాకుగా ఉంది, అందుకే అడుగుతున్నాను.

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 12

డాక్టరు గారూ, రిజిస్ట్రేషన్‌కూ దీనికీ సంబంధం లేదు. మీ ప్రస్తుత పాలసీ షెడ్యూలు తీసి రెట్రోయాక్టివ్ తేదీ గడి చూడండి. మూడు నెలల విరామం వచ్చింది కాబట్టి అక్కడ 2022 ఉండే అవకాశమే ఎక్కువ. అలా ఉంటే అంతకుముందు పెట్టిన ఇంప్లాంట్‌కు ఈ పాలసీ వర్తించదు. ఆ తేదీని వెనక్కి జరపమని అడగవచ్చు, అయితే విరామం వచ్చాక ఒప్పుకోవడం అరుదు. ఇంప్లాంట్ వివరాలతో వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కోదాడ గారి విషయం పక్కదారి పడుతుంది.

---

గుంటూరు వకీలు · ఆగస్టు 12

వినియోగదారుల కేసులు చూస్తాను, ఎక్కువగా ఆసుపత్రుల తరఫునే. వెనకటి చికిత్సల మీద ఫిర్యాదులు ఎంత ఆలస్యంగా వస్తాయో చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. పైగా లోపల ఉండిపోయిన గుడ్డముక్క వంటివి బయటపడిన రోజు నుంచే రెండేళ్లు లెక్కించాలని రోగి వాదిస్తాడు.

డాక్టరు శ్రీఖండే కేసు ఉంది. 1993లో ఒకావిడకు పిత్తాశయం ఆపరేషన్, 2002లో మరోచోట ఆపరేషన్ చేస్తే లోపల ఉండిపోయిన గుడ్డముక్క బయటపడింది, 2004లో ఫిర్యాదు. రాష్ట్ర కమిషన్ గడువు దాటిందని కొట్టేసింది, జాతీయ కమిషన్ తిరగదోడింది, 2010లో సుప్రీంకోర్టు మళ్లీ కొట్టేసింది. అన్నేళ్లుగా నొప్పి ఉన్నా ఆమె ఆ డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్లలేదన్నది ప్రధాన కారణం. డాక్టరు గెలిచారు. కానీ మూడు మెట్లు ఎక్కి గెలిచారు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇండెమ్నిటీ పాలసీ అసలు ఉపయోగం అక్కడే. లాయర్ల ఖర్చు కూడా సాధారణంగా ఆ 25 లక్షల పరిమితిలోంచే పోతుందని మరిచిపోకండి.

ప్రసూతి ఆసుపత్రి అంటున్నారు. బిడ్డ విషయంలో వచ్చే ఫిర్యాదులు ఇంకా ఆలస్యంగా రావచ్చు. అందుకే మీకు 2015 తేదీ అలంకారం కాదు.

---

డాలస్ నుంచి · ఆగస్టు 12

ఇక్కడ అమెరికాలో డాక్టర్లు ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ నుంచి టెయిల్ కవరేజీ కొంటారు. పాత చికిత్సల మీద తర్వాత వచ్చే క్లెయిములను పాత కంపెనీయే చూస్తుంది. చాలా ఖరీదు, కొందరికి యజమానే కట్టిపెడతాడు. అక్కడ కూడా అదే అడగండి, కొత్త కంపెనీని బతిమాలడం ఎందుకు?

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 12

అడిగితే నష్టం లేదు. నా సర్వీసులో మన దగ్గర చిన్న క్లినిక్ పాలసీలకు ఆ 90 రోజుల క్లాజు తప్ప ఏళ్ల తరబడి టెయిల్ అమ్మడం చూడలేదు. కోదాడ గారికి ఆచరణలో ఉన్న దారి కొత్త కంపెనీ పాత తేదీని ఒప్పుకోవడమే.

ఇక లేఖ సంగతి. మీ లేఖలో తేదీయే లేదు సార్. "పాత రెట్రోయాక్టివ్ తేదీ" అంటే ఏది? 12-09-2015 అని అంకెల్లో రాయాలి. "ఎడతెగకుండా" అన్నది మీ మాట, దానికి రుజువు కావాలి. మొదటి పాలసీ నుంచి ఇప్పటిదాకా ప్రతి ఏడాది షెడ్యూలు, ప్రతి రెన్యూవల్‌కూ ప్రీమియం రసీదు జత చేయండి. క్లెయిముల చరిత్ర మీద పాత కంపెనీ లెటర్‌హెడ్‌పై ఒక లేఖ తీసుకోండి. "క్లెయిములు లేవు" అని మీరు రాసేదానికన్నా వాళ్లు రాసేదానికి విలువ ఎక్కువ.

పంపేముందు ఒక పని చేయండి. అన్ని షెడ్యూళ్లనూ వరసగా పరిచి ఆ ఒక్క గడే చూసుకుంటూ రండి.

---

కోదాడ క్లినిక్ · ఆగస్టు 14

మంచి పని చెప్పారు సార్. 2015 నుంచి 2018 వరకు షెడ్యూళ్లలో 12-09-2015 అని ఉంది. 2019 నుంచి 12-09-2019 అని ఉంది! ఆ ఏడాది మా పాలసీని ఒక బ్రాంచి నుంచి మరో బ్రాంచికి మార్చారు, పాలసీ నంబరు కూడా మారింది. మేము మాత్రం గడువులోపే కట్టాం. రసీదు తేదీ 09-09-2019. ఆరేళ్లుగా ఎవరూ ఆ గడి చూడలేదు.

ఇప్పుడు కొత్త కంపెనీకి 2015 అని రాస్తే అబద్ధమవుతుందా?

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 14

రెన్యూవల్‌గా ఎక్కించాల్సినదాన్ని కంప్యూటర్‌లో కొత్త పాలసీగా ఎక్కించారు. బ్రాంచీలు మారినప్పుడు ఇది జరుగుతూ ఉంటుంది. మీ అదృష్టం ఏమిటంటే రసీదు దొరికింది. బీమా చట్టం 64వీబీ ప్రకారం ప్రీమియం అందకుండా రిస్కు మొదలవదు. మీ ప్రీమియం గడువుకు ముందే, 9వ తేదీనే అందింది. అంటే విరామం లేదని వాళ్ల రసీదే చెబుతోంది.

కాబట్టి మొదటి లేఖ కొత్త కంపెనీకి కాదు, పాత కంపెనీకి రాయాలి. 2018 షెడ్యూలు, 2019 షెడ్యూలు, ఆ రసీదు జతచేసి, రెట్రోయాక్టివ్ తేదీని 12-09-2015గా సరిదిద్దుతూ ప్రస్తుత పాలసీకి సవరణ పత్రం, అంటే ఎండార్స్‌మెంట్ ఇవ్వమని అడగండి. ఇది పాలసీ అమల్లో ఉండగానే, అంటే సెప్టెంబరు 11లోపే రావాలి. గడువు ముగిసి, మీరు వేరే కంపెనీకి వెళ్లిపోయాక ఆ ఫైలు తెరిచే ఆసక్తి ఎవరికీ ఉండదు. బ్రాంచిలో కదలకపోతే గ్రీవెన్స్ విభాగానికి అదే లేఖ పంపండి.

ఎండార్స్‌మెంట్ రాకముందు కొత్త కంపెనీకి పంపితే వాళ్లు చివరి షెడ్యూలు చూసి 2019 మాత్రమే ఇస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

---

బీమా మిత్ర · ఆగస్టు 14

పోర్టబిలిటీ ఆరోగ్య బీమాకే అన్నది సరిచూసుకున్నాను, నిజమే. ఒక చిన్న సలహా. బ్రోకరు "మాట్లాడేశాను సార్, ఇస్తారు" అని వాట్సాప్‌లో చెబితే డబ్బు కట్టకండి. సవరించిన కొటేషన్‌లో తేదీ చూశాకే కట్టండి. పాలసీ వచ్చాక సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి, అది మాత్రం అనుభవంతో చెబుతున్నాను.

---

కోదాడ క్లినిక్ · ఆగస్టు 18

పాత కంపెనీకి లేఖ ఇచ్చి, స్టాంపు వేయించుకున్నాను.

ఇంకో విషయం. "క్లెయిములు వచ్చే సూచనలూ లేవు" అని రాశాను కదా. ప్రపోజల్ ఫారంలో కూడా అదే ప్రశ్న ఉంది. నిరుడు నవంబరులో ఒకావిడకు గర్భసంచి తొలగించాం. తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చి హైదరాబాదులో మరోసారి చేరాల్సి వచ్చింది. మార్చిలో ఆమె కొడుకు వచ్చి గట్టిగా మాట్లాడి కేస్ షీటు అడిగాడు. నిబంధన ప్రకారం 72 గంటల్లోపే ఇచ్చాం. ఆ తర్వాత నోటీసు లేదు, ఫోను లేదు. దీన్ని రాయాలా? రాస్తే కొత్త కంపెనీ అసలు పాలసీయే ఇవ్వదేమోనని నా భార్య భయం.

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 18

రాయాలి. రెండు చోట్లా రాయాలి, కానీ వరస ముఖ్యం.

ముందు పాత కంపెనీకి. మీ పాలసీలో నోటిఫికేషన్ క్లాజు ఉంటుంది. క్లెయిముకు దారితీయవచ్చనిపించే ఫలానా సంఘటనను పాలసీ కాలంలోనే లిఖితపూర్వకంగా తెలియజేసి, కంపెనీ దాన్ని అంగీకరిస్తే, తర్వాత వచ్చే క్లెయిము ఆ పాలసీ కాలంలోనే వచ్చినట్టు పరిగణిస్తారు. రోగి వివరం, ఆపరేషన్ తేదీ, ఇన్‌ఫెక్షన్, మళ్లీ చేరడం, కొడుకు వచ్చిన తేదీ, అతను అన్న మాటలు, కేస్ షీటు ఇచ్చిన తేదీ రాయండి. తప్పు మీదేనని ఎక్కడా రాయకండి, జరిగింది మాత్రమే రాయండి.

తర్వాత కొత్త కంపెనీకి ఇదే సంఘటనను ప్రపోజల్ ఫారంలో చూపించి, పాత కంపెనీకి తెలియజేశామని కాపీ జతచేయండి. వాళ్లు సాధారణంగా ఈ ఒక్క విషయాన్ని మినహాయించి మిగతాదానికి పాలసీ ఇస్తారు. అది మీకు నష్టం కాదు, ఎందుకంటే అది పాత కంపెనీ దగ్గర ముందే నమోదై ఉంటుంది. దాచిపెట్టి 2015 తేదీ సంపాదించుకున్నారనుకోండి, రేపు ఆ కొడుకు కేసు వేస్తే కేస్ షీటు దరఖాస్తు తేదీ చూసి, మీకు ముందే తెలుసు కదా అంటారు. అప్పుడు ఈ క్లెయిము ఒక్కటే కాదు, పాలసీ మొత్తం ప్రశ్నార్థకమవుతుంది.

---

గుంటూరు వకీలు · ఆగస్టు 18

ఒక చోట నా అభిప్రాయం వేరు. కేస్ షీటు అడగడం రోగి హక్కు. అడిగిన ప్రతివాడినీ కాబోయే ఫిర్యాదుదారుగా బీమా కంపెనీకి రాస్తూ పోతే మీ ఫైలు నిండుతుంది, రెన్యూవల్‌లో ప్రీమియం పెరుగుతుంది. చాలామంది ఆరోగ్య బీమా డబ్బుల కోసమే కేస్ షీటు అడుగుతారు.

అయితే ఈ కేసులో మళ్లీ చేరడం, కొడుకు గొడవ, తర్వాత దరఖాస్తు, మూడూ కలిసి ఉన్నాయి. కాబట్టి దీన్ని తెలియజేయడమే మంచిది.

---

రిటైర్డ్ డివిజనల్ · ఆగస్టు 19

వకీలు గారు గీసిన గీత ఎక్కడ ఆగుతుందో నాకు అర్థం కాలేదు. ఎనిమిది రోజుల్లో మరిచిపోయే గొడవ ఏదో, కమిషన్ దాకా వెళ్లేది ఏదో ఆ రోజు తెలియదు. కంపెనీ మారే ఏడాది మాత్రం నేను అనుమానం ఉన్నవన్నీ తెలియజేయమనే అంటాను. మామూలు రెన్యూవల్ ఏడాదిలో మీ మాట నడుస్తుంది.

---

కోదాడ క్లినిక్ · సెప్టెంబరు 3

చివరికి కొంత కదలిక వచ్చింది. బ్రాంచిలో పని కాలేదు, గ్రీవెన్స్‌కు రాశాక ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చింది, అందులో తేదీ 12-09-2015. దాన్ని జతచేసి కొత్త కంపెనీకి మళ్లీ లేఖ పంపాం. మీ సలహాలతో మార్చిన లేఖలో ముఖ్యమైన భాగం ఇది, ఇంకెవరికైనా పనికివస్తుందేమో:

"మా ప్రస్తుత పాలసీ 12-09-2015 నుంచి విరామం లేకుండా కొనసాగుతోంది. అన్ని షెడ్యూళ్లు, రెన్యూవల్ రసీదులు, తేదీ సవరణ ఎండార్స్‌మెంట్, క్లెయిముల చరిత్ర లేఖ జతచేశాం. 12-09-2025 నుంచి మొదలయ్యే మీ పాలసీ షెడ్యూలులో రెట్రోయాక్టివ్ తేదీని 12-09-2015గా చూపవలసిందిగా కోరుతున్నాం. మాకు తెలిసిన ఒక సంఘటన వివరాలను, ప్రస్తుత బీమా కంపెనీకి దాన్ని తెలియజేసిన లేఖ కాపీతో సహా, ప్రపోజల్ ఫారంలో పొందుపరిచాం. ఈ కోరికను అంగీకరిస్తే సవరించిన కొటేషన్‌లో తేదీని చూపగలరు, ఆ తర్వాతే ప్రీమియం చెల్లిస్తాం."

సవరించిన కొటేషన్ ఇవాళ వచ్చింది. 25 లక్షలు, 50 లక్షల వరకు రెట్రో తేదీ 12-09-2015. అంతకు పైన పెంచిన మొత్తానికి మాత్రం 12-09-2025. ఆ ఒక్క రోగి విషయం మినహాయింపు. ప్రీమియం మొదటి కొటేషన్ కన్నా పెరిగింది, పాతదానికన్నా ఇంకా కొద్దిగా తక్కువే. ఈ రెండు తేదీల పద్ధతి సరైనదేనా?

---

రిటైర్డ్ డివిజనల్ · సెప్టెంబరు 3

మామూలే, అన్యాయం కూడా కాదు. 2021లో జరిగిన చికిత్సకు మీరు అప్పుడు కొన్నది 25 లక్షలే. ఆ కాలానికి 50 లక్షలు ఇవ్వమంటే ఏ అండర్‌రైటరైనా వెనకాడతాడు.

ఒకటి మాత్రం అడగండి. పాలసీ పుస్తకంలో రెట్రోయాక్టివ్ తేదీకి నిర్వచనం చదవండి. కొన్ని కంపెనీల మాటల్లో "మా కంపెనీలో మొదట పాలసీ తీసుకుని విరామం లేకుండా కొనసాగించిన తేదీ" అన్నట్టు ఉంటుంది. షెడ్యూలులో 2015 అనీ, నిర్వచనంలో "మా కంపెనీలో" అనీ ఉంటే రేపు గొడవ. షెడ్యూలులో చూపిన తేదీయే చెల్లుతుందని ఒక వాక్యం ఎండార్స్‌మెంట్‌గా వేయించుకోండి.

మీ భార్య గారికి సొంత పాలసీ వేరుగా ఉంటే దాని తేదీ కూడా చూడండి. క్లినిక్ పాలసీ సరిచేయించుకున్నంత మాత్రాన ఆమెది సరికాదు. కేసు వేసేవాళ్లు ఇద్దరి మీదా వేస్తారు.

---

కోదాడ క్లినిక్ · సెప్టెంబరు 9

నిర్వచనం మీరు చెప్పినట్టే ఉంది. ఎండార్స్‌మెంట్ వాక్యానికి ఒప్పుకున్నారు, ప్రీమియం ఇవాళ కట్టాం. పాలసీ 12వ తేదీ మొదటి నిమిషం నుంచి మొదలు. భార్య పాలసీలో తేదీ 2013, అది వేరే కంపెనీలో ఉంది, దాన్ని కదపడం లేదు.

ఒక్కటి మిగిలింది. ఆ రోగి సంఘటన గురించి రాసిన లేఖకు పాత కంపెనీ నుంచి ఇలా జవాబు వచ్చింది: "మీ సమాచారాన్ని నమోదు చేసుకున్నాం. క్లెయిము వచ్చినప్పుడు పాలసీ షరతుల మేరకు పరిశీలిస్తాం." ఇది అంగీకరించినట్టా, కాదా?

---

గుంటూరు వకీలు · సెప్టెంబరు 9

నా దృష్టిలో అంగీకారం కాదు. "పరిశీలిస్తాం" అన్నవాళ్లు రేపు ఏమైనా అనవచ్చు. గడువులోపే మరో లేఖ రాయండి. ఫలానా క్లాజు కింద ఈ సంఘటనను అంగీకరించారా లేదా స్పష్టంగా చెప్పమని, చెప్పకపోతే అంగీకరించినట్టు భావిస్తామని.

---

రిటైర్డ్ డివిజనల్ · సెప్టెంబరు 10

లేఖ రాయడం మంచిదే. కానీ "భావిస్తాం" అన్నది మీకు ఊరట తప్ప వాళ్లను కట్టిపడేయదు. మేము కూడా ఆఫీసులో ఇలాంటి జవాబులే ఇచ్చేవాళ్లం, ఇంతకు మించి స్పష్టంగా రాసే అధికారం డెస్కు మీద ఉన్నవాడికి ఉండదు. నోటిఫికేషన్ గడువులోపే అందిందని స్టాంపు ఉంది, అది బలమైన కాగితం. క్లెయిము వచ్చి వాళ్లు కాదంటే అప్పుడు ఓంబుడ్స్‌మన్ దగ్గరో, కమిషన్‌లోనో వాదించుకోవాల్సిందే.

---

పల్లె దంతవైద్యుడు · సెప్టెంబరు 10

నా షెడ్యూలు చూశాను. 2022 అనే ఉంది. ఇంప్లాంట్ పెట్టింది 2021 డిసెంబరులో. వేరే చర్చ మొదలుపెట్టాను, రిటైర్డ్ గారూ, వకీలు గారూ, దయచేసి అక్కడికి ఒకసారి రండి.